దురాక్రమణ నేరంపై విచారణకు దురాక్రమణదారు సమ్మతి ఎందుకు? రోమ్ శాసన సభ్య దేశాల సభకు బహిరంగ లేఖ

రోమ్ శాసన సభ్య దేశాల సభ అధ్యక్షులకు, సభ్య దేశాల ప్రతినిధులకు,

దురాక్రమణ నేరంపై, రోమ్ శాసనం అనే ఒప్పందంతో ఏర్పడిన అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకున్న విచారణాధికారాన్ని సమీక్షించేందుకు 2025 జులైలో మీరు న్యూయార్క్‌లో ప్రత్యేకంగా సమావేశమయ్యారు. ఈ నేరాన్ని యుద్ధ నేరాలు, మానవత్వంపై నేరాలు, జాతి నిర్మూలన అనే మిగతా మూడు నేరాలతో సమానం చేయాలని కొన్ని దేశాలు ప్రతిపాదిస్తే ఏకాభిప్రాయం కుదరలేదు. విషయాన్ని 2029లో జరిగే మరో ప్రత్యేక సమావేశానికి వాయిదా వేశారు. ఆ సమావేశానికి మీరు సిద్ధమయ్యే తీరు గురించే ఈ లేఖ రాస్తున్నాం. మేం అంతర్జాతీయ క్రిమినల్ చట్టాన్ని బోధించేవాళ్లం, ఆ చట్టంతో పనిచేసేవాళ్లం. అడగదలచుకున్నది ముందే చెప్పేస్తాం. ఈ నేరం చేయగలిగే స్థితిలో ఉండేది ఏ దేశంలోనైనా గుప్పెడు మందే. తమపై విచారణ జరగాలా వద్దా అని నిర్ణయించుకునే అధికారం కూడా ఇప్పుడున్న నిబంధనల వల్ల ఆ గుప్పెడు మంది చేతిలోనే ఉంది. దాన్ని మార్చండి.

2010 జూన్‌లో కంపాలా సమావేశం సవరణగా ఆమోదించి రోమ్ శాసనంలో చేర్చిన 8 బిస్ అధికరణం ప్రకారం, ఒక దేశపు రాజకీయ లేదా సైనిక చర్యను వాస్తవంగా తన అదుపులో ఉంచుకోగల లేదా నడిపించగల స్థానంలో ఉన్న వ్యక్తే ఈ నేరం చేయగలడు. దురాక్రమణ చర్యకు పథకం వేయడం, సన్నాహాలు చేయడం, దాన్ని మొదలుపెట్టడం, అమలు చేయడం ఈ నేరం కిందికి వస్తాయి. ఆ చర్య స్వభావం, తీవ్రత, విస్తృతి మూడింటినీ కలిపి చూసినప్పుడు అది ఐక్యరాజ్యసమితి చార్టర్‌ను స్పష్టంగా ఉల్లంఘించినట్టు తేలాలి. దండయాత్ర, బాంబుదాడి, రేవుల దిగ్బంధం, మరో దేశంపై దాడికి తన భూభాగాన్ని వాడుకోనివ్వడం, సాయుధ ముఠాలను పంపడం వంటి చర్యల జాబితాను 1974 నాటి ఐరాస జనరల్ అసెంబ్లీ 3314వ తీర్మానం నుంచి తీసుకున్నారు.

యుద్ధ నేరాలు, మానవత్వంపై నేరాలు ఉండగా ఈ నేరం విడిగా ఎందుకని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. యుద్ధ చట్టం ఇరుపక్షాల సైనికులను ఒకే కొలతతో చూస్తుంది. దండెత్తి వచ్చిన సైన్యం నియమాలు పాటిస్తూ పోరాడి, తన సరిహద్దును కాపాడుకుంటున్న వేలాది సైనికులను చంపినా అందులో ఒక్క మరణం కూడా యుద్ధ నేరం కాదు. అసలు ఆ యుద్ధమే జరగకూడనిదని చెప్పి, ఆ మరణాలను నేరంగా లెక్కించగలిగేది దురాక్రమణ నేరం ఒక్కటే. దానికి విచారణ లేకపోతే ఆ సైనికులు చట్టం దృష్టిలో ఏ నేరానికీ బాధితులు కారు.

ముందు నాయకత్వ షరతు సంగతి చూద్దాం. ఆ షరతు ఉండాల్సిందేనని మేం నమ్ముతాం. ఆదేశం మీద సరిహద్దు దాటిన సిపాయికి యుద్ధం న్యాయమైనదా కాదా తేల్చే అవకాశం గానీ దాన్ని ఆపే శక్తి గానీ ఉండవు. దండయాత్రలో పాల్గొన్నంత మాత్రాన అతన్ని నేరస్థుడిగా చేస్తే, యుద్ధ నియమాలు పాటించడానికి అతనికున్న కారణం కూడా పోతుంది. పాటించినా పాటించకపోయినా శిక్ష తప్పదని తెలిసినవాడు బందీలను బతికి ఉంచాలని ఎందుకు అనుకుంటాడు? ఈ ప్రమాదం ఊహ కాదు. ఉక్రెయిన్ శిక్షాస్మృతిలోని 437వ అధికరణం దురాక్రమణ యుద్ధానికి పథకం వేయడాన్నీ, దాన్ని నడపడాన్నీ నేరంగా చెబుతుంది గానీ, నేరస్థుడు నాయకుడై ఉండాలని అందులో మాటల్లో లేదు. దానివల్ల కింది స్థాయి పోరాట యోధులపై కూడా ఆ అభియోగం మోపారు. చివరికి 2024 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ సుప్రీంకోర్టు గ్రాండ్ చాంబర్ జోక్యం చేసుకుని, ఈ నేరం విధానాన్ని శాసించగల స్థానంలో ఉన్నవారికే వర్తిస్తుందని వివరించాల్సి వచ్చింది. దేశీయ చట్టంలో ఈ నేరాన్ని చేర్చుకునే ప్రతి సభ్య దేశమూ నాయకత్వ షరతును మాటల్లోనే రాసుకోవాలనడానికి ఇదే కారణం. న్యాయమూర్తులు ఎప్పుడో పూరిస్తారని వదిలేస్తే, ఆలోపు తప్పు మనుషులు జైలుకు వెళతారు.

అయితే షరతు ఉండటం వేరు, దాన్ని ఎంత ఇరుకుగా చదవాలన్నది వేరు. నాజీ నాయకులపై జరిగిన నురెంబర్గ్ ప్రధాన విచారణలో 1946లో తీర్పు ఎదుర్కొన్న 22 మందిలో 12 మంది, అప్పట్లో శాంతికి వ్యతిరేక నేరాలు అని పిలిచిన ఈ అభియోగంపై దోషులుగా తేలారు. వారిలో విదేశాంగ మంత్రి రిబెన్‌ట్రాప్, సైన్యాధికారులు కైటెల్, జోడల్‌తో పాటు ఆర్థిక మంత్రి ఫంక్ కూడా ఉన్నాడు. నౌకాదళానికి చెందిన డ్యోనిట్జ్ యుద్ధ పథక రచనలో లేకపోయినా యుద్ధాన్ని నడిపినందుకు దోషి అయ్యాడు. యుద్ధం సాగుతున్న దశలో ఆయుధోత్పత్తి బాధ్యత తీసుకున్న ష్పేర్‌కు మాత్రం ఈ అభియోగం నుంచి విముక్తి దొరికింది. ఆ తర్వాత 1948లో నురెంబర్గ్‌లోనే జర్మన్ హైకమాండ్ కేసును విచారించిన అమెరికన్ సైనిక న్యాయస్థానం ఒక కొలత ఇచ్చింది. పదవి ఎంత పెద్దదన్నది ముఖ్యం కాదు. యుద్ధ విధానాన్ని తీర్చిదిద్దే లేదా దాన్ని ప్రభావితం చేసే స్థాయిలో ఆ వ్యక్తి ఉన్నాడా లేడా అన్నదే ముఖ్యమని చెప్పింది. ఆ కొలతతోనే పెద్ద పెద్ద సైన్యాధికారులను సైతం దురాక్రమణ అభియోగం నుంచి విడిచిపెట్టింది. వాళ్లు విధానాన్ని అమలు చేసినవాళ్లే గాని తయారు చేసినవాళ్లు కాదని తేల్చింది. అదే ఏడాది జర్మన్ రసాయన సంస్థ ఐజీ ఫార్బెన్ డైరెక్టర్లకూ ఈ అభియోగంలో విముక్తి దొరికింది. ప్రభుత్వ పదవి లేని పారిశ్రామికవేత్త ఎప్పటికీ ఈ నేరం చేయలేడన్న సూత్రం మీద వాళ్లు బయటపడలేదు. వాళ్ల జ్ఞానమూ పాత్రా రుజువు కాకపోవడమే కారణం.

కంపాలాలో మీ ప్రభుత్వాలు ఆ కొలతను బిగించాయి. తీర్చిదిద్దడం, ప్రభావితం చేయడం అన్న మాటలు పోయి, వాస్తవంగా అదుపులో ఉంచుకోవడం, నడిపించడం అన్న మాటలు వచ్చాయి. దాంతో ఆగకుండా 25వ అధికరణంలో 3 బిస్ అనే కొత్త ఉపఖండం చేర్చారు. మిగతా నేరాల్లో పురికొల్పినవాడు, సాయం చేసినవాడు ఏ హోదాలో ఉన్నా దోషి కావచ్చు. దురాక్రమణలో మాత్రం సాయం చేసినవాడు కూడా నాయకుడి స్థానంలో ఉంటేనే బాధ్యుడు. ఈ ఉపఖండం ప్రభావాన్ని చాలామంది తక్కువగా అంచనా వేస్తారు. పక్క తలుపులన్నీ ఇదే మూసేసింది.

ఇది ఆచరణలో ఎలా పనిచేస్తుందో ఒక ఊహాత్మక కేసులో చూపిస్తాం. క అనే దేశం గ అనే దేశం మీద మూడు దిక్కుల నుంచి దండెత్తిందనుకోండి. క అధ్యక్షుడు ఆదేశంపై సంతకం చేశాడు, అతని విషయంలో వాదనే లేదు. రక్షణ మంత్రి, త్రివిధ దళాల అధిపతి ఏడాది పాటు పథకం గీశారు. వారి దగ్గర అదుపు ఉందని చూపడానికి సంతకాలు, సమావేశాల మినిట్స్, దళాల తరలింపు ఆదేశాలు చాలు. నిర్ణయం జరిగిన గదిలో భద్రతా సలహాదారు ఒకరు కూర్చుని ఉన్నారు, అధ్యక్షుడు ఆయన మాట కాదనడని అందరికీ తెలుసు. ఇక్కడి నుంచే చిక్కు మొదలవుతుంది. ఆయన సలహా ఇస్తాడు, ఆదేశించడు. సైన్యంలో ఒక్క దళం కూడా ఆయన మాట మీద కదలదు. పాత నురెంబర్గ్ కొలతతో చూస్తే ఆయన లోపల ఉంటాడు. కంపాలా కొలతతో చూస్తే, రాజకీయ చర్యను ఆయన వాస్తవంగా నడిపిస్తున్నాడని ప్రాసిక్యూటర్ విడిగా నిరూపించాలి. అంటే ఆయన మాట విన్న సందర్భాలను, అధ్యక్షుడు సొంత మంత్రుల అభ్యంతరాలను తోసిపుచ్చి ఆయన దారిలో నడిచిన సందర్భాలను ఒక క్రమంలో చూపాలి.

అదే దేశంలో ఒక ప్రైవేటు సాయుధ సంస్థ యజమాని ఉన్నాడనుకోండి. అతనికి ఏ ప్రభుత్వ పదవీ లేదు. అధ్యక్షుడి అండతో పది వేల మంది యోధులను గ లోకి పంపాడు. సాయుధ ముఠాలను పంపడం 8 బిస్ జాబితాలో ఉంది కాబట్టి చర్య దురాక్రమణే. కానీ అతను నడిపిస్తున్నది తన సంస్థనా, దేశపు సైనిక చర్యనా? యుద్ధరంగంలో ఒక దిక్కు మొత్తం అతని చేతికే అప్పగిస్తే, అక్కడ దేశపు సైనిక చర్య అతని అదుపులో ఉందని వాదించవచ్చు. అధికార శ్రేణి కింద ఒక విభాగం మాత్రమే అయితే వాదన నిలవదు, 3 బిస్ వల్ల సాయం చేసినవాడిగా కూడా అతన్ని పట్టుకోలేరు. ఒక కోర్ కమాండర్ విషయమూ అంతే. తన దిక్కున యుద్ధం ఎలా చేయాలో అతను నిర్ణయిస్తాడు, యుద్ధం చేయాలా వద్దా అన్నది అతని చేతిలో లేదు. ఒక్కో నేరానికి ఏమేం రుజువు కావాలో చెప్పే నేరాంశాల పత్రంలోని ఒక అధోజ్ఞాపిక, ఈ స్థానంలో ఒకరి కంటే ఎక్కువమంది ఉండవచ్చని ఒప్పుకుంటుంది. ఎవరెవరు ఉండవచ్చో అది చెప్పదు.

ప్రాసిక్యూషన్లు తడబడేది సాధారణంగా రెండు చోట్ల. మొదటిది, పదవి పేరునే రుజువుగా చూపించడం. చట్టంలో ఉన్న మాట వాస్తవంగా అన్నది. కేబినెట్‌లో కూర్చున్నా నిర్ణయం తెలియని మంత్రి ఉంటాడు, ఏ కుర్చీలోనూ లేకుండా నిర్ణయాన్ని శాసించేవాడూ ఉంటాడు. రెండోది, తేదీలను పట్టించుకోకపోవడం. నిందితుడు నాయకత్వ స్థానంలో ఉన్న కాలం, అతను చేసిన పని జరిగిన కాలం ఒకదానిపై ఒకటి పడాలి. దండయాత్ర మొదలైన ఏడాది తర్వాత రక్షణ మంత్రి అయినవాడిపై మొదలుపెట్టాడన్న అభియోగం నిలవదు. అమలు చేశాడన్న అభియోగమే మోపాలి. అతని కాలంలో జరిగిన కొత్త నిర్ణయాలను దానికి రుజువుగా చూపాలి. జ్ఞానం విషయంలో మాత్రం చట్టం ప్రాసిక్యూటర్‌కు కొంత ఊరటనిచ్చింది. బలప్రయోగం చార్టర్‌కు విరుద్ధమని నిందితుడు న్యాయపరంగా తేల్చుకున్నాడని నిరూపించనక్కర్లేదు. ఆ నిర్ధారణకు ఆధారమైన వాస్తవాలు అతనికి తెలుసని చూపితే చాలు.

ఇంత ఇరుకైన తలుపు లోంచి వచ్చే కొద్దిమందిని కోర్టు ముందుకు తెచ్చే దారి ఎలా ఉందో ఇప్పుడు చూద్దాం. మా అసలు ఫిర్యాదు ఇక్కడే ఉంది.

యుద్ధ నేరాలకు, మానవత్వంపై నేరాలకు, జాతి నిర్మూలనకు 12వ అధికరణం ఒక సులభమైన సూత్రం పెట్టింది. నేరం సభ్య దేశపు నేల మీద జరిగినా చాలు, నేరస్థుడు సభ్య దేశపు పౌరుడైనా చాలు. రెండింటిలో ఒకటి ఉంటే కోర్టుకు అధికారం వస్తుంది. దురాక్రమణకు మాత్రం 15 బిస్ అనే వేరే గుమ్మం కట్టారు. దాని 5వ పేరా ప్రకారం, సభ్యత్వం లేని దేశపు పౌరులు చేసిన దురాక్రమణపై గానీ, అలాంటి దేశపు నేల మీద జరిగిన దురాక్రమణపై గానీ కోర్టు విచారణ జరపకూడదు. 4వ పేరా ప్రకారం సభ్య దేశం కూడా ముందుగా ఒక ప్రకటన ఇచ్చి తప్పుకోవచ్చు. కెన్యా, గ్వాటెమాలా అలా ప్రకటనలు ఇచ్చాయి. వీటి మీద, 2017 డిసెంబరులో న్యూయార్క్‌లో ఈ విచారణాధికారాన్ని 2018 జులై 17 నుంచి అమల్లోకి తెస్తూ మీరు చేసిన తీర్మానం ఇంకో గడియ వేసింది. కంపాలా సవరణలను ఆమోదించని సభ్య దేశపు పౌరులు చేసినా, అలాంటి దేశపు నేల మీద జరిగినా, దేశాల ఫిర్యాదు ద్వారా గానీ ప్రాసిక్యూటర్ సొంత చొరవతో గానీ కోర్టు ముందుకు పోకూడదని అందులో రాశారు.

అంటే దాడి చేసిన దేశమూ, దాడికి గురైన దేశమూ రెండూ రోమ్ శాసనంలో ఉండాలి, రెండూ కంపాలా సవరణలను ఆమోదించి ఉండాలి, దాడి చేసిన దేశం తప్పుకుని ఉండకూడదు. ఇప్పటి పరిస్థితిలో దీని విలువ ఎంతో ఒక లెక్క వేసి చూశాం. ఐరాసలో 193 దేశాలున్నాయి. ఒక దేశం మరో దేశంపై దాడి చేయగల జతలు, ఎవరు ఎవరిపై అన్నది విడిగా లెక్కిస్తే, 193ను 192తో గుణించి 37,056. సవరణలు ఆమోదించిన దేశాలు 50 అని ఎక్కువగానే పట్టుకుందాం. అప్పుడు కోర్టు తలుపు తెరుచుకునే జతలు 2,450, అంటే నూటికి ఏడు కూడా లేవు. ఇదే నేరానికి 12వ అధికరణం సూత్రాన్ని వర్తింపజేసి, సభ్య దేశాలను 120గా తీసుకుంటే, కోర్టు పరిధి దాటిపోయేవి రెండువైపులా సభ్యత్వం లేని 73 దేశాల మధ్య జతలు మాత్రమే. అవి 5,256. మిగిలిన 31,800 జతల్లో, అంటే నూటికి 86 సందర్భాల్లో కోర్టుకు అధికారం ఉంటుంది. యుద్ధం రాగల అవకాశం అన్ని జతల్లోనూ ఒకేలా ఉండదన్నది నిజమే. కానీ అది ఇప్పటి పద్ధతికి మద్దతు ఇవ్వదు. సవరణలను ఆమోదించిన దేశాల్లో చాలావరకు పొరుగువారిపై దండెత్తే ఉద్దేశం లేనివే.

సంఖ్యల కన్నా ఉక్రెయిన్ కేసు ఈ తేడాను బాగా చూపిస్తుంది. 2022 ఫిబ్రవరి 24న రష్యా పూర్తిస్థాయి దండయాత్ర మొదలుపెట్టింది. మార్చి 2న జనరల్ అసెంబ్లీ 141 ఓట్లతో దాన్ని దురాక్రమణగా పేర్కొంటూ ఖండించింది. అప్పటికి ఉక్రెయిన్ రోమ్ శాసనంలో సభ్యురాలు కాదు గానీ, 2014లోనూ 2015లోనూ ఇచ్చిన ప్రకటనల ద్వారా తన నేలపై కోర్టు అధికారాన్ని అంగీకరించింది. దాంతో యుద్ధ నేరాలకు సంబంధించి కోర్టు కదిలింది. పిల్లల అక్రమ తరలింపు విషయంలో రష్యా అధ్యక్షుడిపై 2023 మార్చి 17న వారంటు వచ్చింది. విద్యుత్ వ్యవస్థపై దాడుల విషయంలో 2024 జూన్‌లో మాజీ రక్షణ మంత్రి షొయిగు, త్రివిధ దళాల ప్రధానాధికారి గెరాసిమోవ్‌లపై వారంట్లు వచ్చాయి. ఈ ముగ్గురూ నాయకత్వ షరతు కిందికి నేరుగా వచ్చే స్థానాల్లో ఉన్నవాళ్లే. కానీ రష్యా సభ్య దేశం కాదు కాబట్టి, ఆ యుద్ధాన్ని మొదలుపెట్టాలన్న నిర్ణయం గురించి ఆ కోర్టు వారిని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఉక్రెయిన్ 2025 జనవరి 1 నుంచి పూర్తి సభ్యురాలైనా ఇందులో ఏమీ మారలేదు. 15 బిస్ 5వ పేరాలో బాధిత దేశపు సమ్మతికి విలువ లేదు.

మిగిలిన దారి 15 టెర్ అధికరణం. భద్రతా మండలి కేసును పంపితే ఏ దేశపు సమ్మతీ అక్కర్లేదు. కానీ దురాక్రమణకు పాల్పడిన దేశానికో, దాని మిత్రదేశానికో వీటో ఉంటే ఆ దారి తెరుచుకోదు. మండలి వెలుపల పోయినా ప్రాసిక్యూటర్ ముందుగా మండలి నిర్ధారణ కోసం చూడాలి. ఆరు నెలల్లో నిర్ధారణ రాకపోతే, ప్రీట్రయల్ విభాగం మొత్తం అనుమతి తీసుకోవాలి. మిగతా నేరాల్లో ముగ్గురు న్యాయమూర్తుల చాంబర్ చాలు, ఇక్కడ కనీసం ఆరుగురితో ఉండే విభాగం కావాలి. ఈ జల్లెడను తీసేయమని మేం అడగడం లేదు. చార్టర్ ఉల్లంఘనను అంచనా వేయడం తేలిక పని కాదు, ఎక్కువమంది న్యాయమూర్తులు చూడటం మంచిదే. మా అభ్యంతరం సమ్మతి అనే గడియ మీదే.

ఎందుకంటే నాయకత్వ షరతునూ సమ్మతి షరతునూ పక్కపక్కన పెట్టి చూడండి. నేరం చేయగలిగేది దేశాన్ని నడిపేవాళ్లు. సవరణలను ఆమోదించాలా, తప్పుకునే ప్రకటన ఇవ్వాలా, రోమ్ శాసనంలోనే చేరకూడదా అని నిర్ణయించేదీ దేశాన్ని నడిపేవాళ్లే. యుద్ధ నేరాల్లో ఇలా జరగదు. ఊరిని తగలబెట్టిన లెఫ్టినెంట్ తన ప్రభుత్వ ఒప్పంద విధానాన్ని రాయడు. దురాక్రమణలో మాత్రం నిందితుడూ, కోర్టుకు అధికారం ఇచ్చే చేయీ ఒకటే. మిగతా నేరాల్లో ఏ మాత్రం కనిపించని ఈ లోపం, ఈ నేరంలో నాయకత్వ షరతు వల్లే పుట్టింది. కాబట్టి నాయకత్వ షరతును అంగీకరించిన చట్టం సమ్మతి షరతును వదులుకోవాల్సిందే. రెండూ కలిసి ఉండటానికి న్యాయమైన కారణం మాకు కనిపించదు.

జాతీయ కోర్టులు ఈ ఖాళీని నింపుతాయన్న ఆశ కూడా నిలవదు. సవరణలను ఎలా చదవాలో చెబుతూ కంపాలాలో ఆమోదించిన అవగాహనల్లో ఒకటి, మరో దేశం చేసిన దురాక్రమణపై దేశీయ కోర్టులకు ఈ సవరణలు హక్కు గానీ బాధ్యత గానీ సృష్టించవని చెబుతుంది. ఒకవేళ దేశీయ చట్టం అధికారం ఇచ్చినా, నాయకత్వ షరతు కిందికి ముందుగా వచ్చేవాళ్లకే వ్యక్తిగత రక్షణ ఉంటుంది. పదవిలో ఉన్న విదేశాంగ మంత్రిపై మరో దేశపు కోర్టు వారంటు జారీ చేయకూడదని అంతర్జాతీయ న్యాయస్థానం 2002లో కాంగో, బెల్జియం వివాదంలో చెప్పింది. దేశాధినేతకు, ప్రభుత్వాధినేతకు కూడా ఇదే వర్తిస్తుంది. ఉక్రెయిన్ కోసం 2025 జూన్ 25న యూరప్ కౌన్సిల్‌తో కుదిరిన ఒప్పందం ద్వారా ఏర్పడిన ప్రత్యేక న్యాయస్థానం కూడా దీన్ని తప్పించుకోలేకపోయింది. దాని శాసనం ప్రకారం, దేశాధినేత, ప్రభుత్వాధినేత, విదేశాంగ మంత్రి పదవిలో ఉన్నంతకాలం వారిపై విచారణ ముందుకు సాగదు. ఆ న్యాయస్థానం చేసే పనిని మేం గౌరవిస్తాం, అది అవసరమే. కానీ ఒక్కో యుద్ధానికి ఒక్కో న్యాయస్థానం కట్టడం, అదీ మద్దతు కూడగట్టగల బాధిత దేశానికే కట్టడం, కోర్టు లేని మిగతా బాధితులకు ఏం చెబుతుంది?

సమ్మతి షరతును సమర్థించే దేశాల వాదనను మేం తేలిగ్గా తీసుకోవడం లేదు. పౌరులను కాపాడటానికి చేసిన సైనిక జోక్యం, చట్టబద్ధత మీద నిజాయితీగా భిన్నాభిప్రాయాలున్న చర్య రేపు నేరంగా మారుతుందేమోనని వారి భయం. ఆ భయానికి జవాబు శాసనంలోనే ఉంది. స్వభావం, తీవ్రత, విస్తృతి మూడింటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా స్పష్టమైన ఉల్లంఘనను నిరూపించలేదని కంపాలా అవగాహన చెబుతుంది. వివాదాస్పదమైన చర్య ఆ గీటు దగ్గరే ఆగిపోతుంది. 16వ అధికరణం కింద భద్రతా మండలి పన్నెండు నెలల చొప్పున విచారణను వాయిదా వేయగలదు కూడా. ఇన్ని జల్లెడలు ఉండగా, నిందితుడి దేశం సంతకం అనే ఇంకో జల్లెడ దేన్ని వడకడుతుందో చూడండి. అది చర్య స్వభావాన్ని చూడదు. ఎవరు చేశారన్నదొక్కటే చూస్తుంది.

2029 నాటికి ఈ పనులు మీ చేతిలో ఉన్నాయి. 15 బిస్ 5వ పేరాను తీసేసి, 4వ పేరాలోని తప్పుకునే అవకాశాన్ని రద్దు చేసి, దురాక్రమణను 12వ అధికరణం సూత్రం కిందికి తీసుకురండి. నేల అన్న మాటను ఈ నేరానికి ఎలా చదవాలో సవరణలోనే రాయండి. నిర్ణయం ఒక రాజధానిలో జరుగుతుంది, బాంబులు మరో దేశంలో పడతాయి. నేరంలోని ఒక్క అంశమైనా సభ్య దేశపు నేల మీద జరిగితే చాలని ప్రీట్రయల్ చాంబర్ 2018లో మయన్మార్ నుంచి బంగ్లాదేశ్‌కు రోహింగ్యాల తరలింపు విషయంలో చెప్పింది. దండయాత్రకు గురైన దేశం కూడా నేరం జరిగిన నేలే అని అదే తీరులో స్పష్టం చేస్తే రేపు నిందితుల న్యాయవాదులకు వాదన మిగలదు.

సవరణ ఏ దారిలో అమల్లోకి వస్తుందో మొదటే తేల్చుకోండి. 121వ అధికరణం 5వ పేరా దారిలో పోతే ఆమోదించిన దేశాలకే అది వర్తిస్తుంది, ఆమోదించని సభ్య దేశపు పౌరులు మళ్లీ బయటే ఉంటారు. అంటే సమ్మతి గడియ వేరే పేరుతో తిరిగి వస్తుంది. 4వ పేరా దారిలో ఎనిమిదింట ఏడు వంతుల సభ్య దేశాలు ఆమోదించాలి. సభ్యులు 120 మంది అయితే 105 దేశాలు. కష్టమే, కానీ అది దాటిన ఏడాదికి అందరికీ వర్తిస్తుంది. కంపాలా సవరణలు 5వ పేరా కింద వచ్చాయి కాబట్టి ఇదీ అలాగే రావాలన్న వాదన వినిపిస్తుంది. 15 బిస్ నేర నిర్వచనం కాదు, కోర్టు అధికారాన్ని వినియోగించే నిబంధన. 5వ పేరా వర్తించేది 5 నుంచి 8 అధికరణాల సవరణలకే. కాబట్టి 4వ పేరాయే సరైన దారి అని మా అభిప్రాయం. ఏది ఎంచుకున్నా ఆ మాటను తీర్మానంలో రాయండి. 2010 నుంచి 2017 వరకు ఏడేళ్లు వాదులాడుకున్నది ఇలా రాయకుండా వదిలేసిన దాని మీదే.

నాయకత్వ షరతు విషయంలో అంత కాలం ఆగనక్కర్లేదు. నేరాంశాల పత్రాన్ని 9వ అధికరణం ప్రకారం మీ సభే మూడింట రెండు వంతుల మెజారిటీతో సవరించవచ్చు, ఏ దేశమూ విడిగా ఆమోదించనక్కర్లేదు. ఇప్పుడున్న అధోజ్ఞాపికకు రెండు వాక్యాలు కలిపితే చాలు. ప్రభుత్వ పదవి ఉండటం తప్పనిసరి కాదని ఒకటి, అదుపు వాస్తవంగా ఎవరి చేతిలో ఉందన్నది పదవి పేరుతో కాక ఆచరణలోని నిర్ణయాధికారంతో చూడాలని రెండోది. ఇది నిర్వచనాన్ని విస్తరించదు, శాసనంలోని మాటనే వివరిస్తుంది. సిపాయిని గానీ కోర్ కమాండర్‌ను గానీ లోపలికి లాగదు. మంత్రివర్గం బయట కూర్చుని యుద్ధాన్ని శాసించేవాడు తన దగ్గర సంతకం లేదన్న కారణంతో తప్పించుకోకుండా మాత్రం చూస్తుంది.

కంపాలా సవరణలను ఇంకా ఆమోదించని సభ్య దేశాలు 2029 వరకు ఆగకుండా ఇప్పుడే ఆమోదించాలని, దేశీయ చట్టాల్లో ఈ నేరాన్ని నాయకత్వ షరతుతో సహా రాసుకోవాలని కోరుతున్నాం. సవరణ ముసాయిదాను ఐరాస ప్రధాన కార్యదర్శికి అందించిన తర్వాత మూడు నెలలు గడిచేదాకా దానిపై సభ నిర్ణయం తీసుకోవడానికి వీల్లేదు కాబట్టి, నేల, అమలు దారి, అధోజ్ఞాపిక అన్న మూడు అంశాలపై మీ కార్యవర్గం చర్చను 2028లోపే మొదలుపెట్టాలి.

ఇట్లు,
అంతర్జాతీయ క్రిమినల్ చట్ట బోధకులు, న్యాయవాదులు